రాగి గిన్నె గొడవ

సంక్రాంతి సెలవులకి జహీరాబాద్ వెళ్ళినప్పుడు మా చిన్నమ్మ నాకు ఒక పని అప్పజెప్పింది. ఆమె, ఇంకో నలుగురు ఆడవాళ్ళు కలిసి ఊళ్ళో చిరుధాన్యాలు శుభ్రం చేసి ప్యాకెట్లు కడతారు. ఇంతకాలం తెలిసినవాళ్ళకే అమ్మేవాళ్ళు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి కూడా అడుగుతున్నారట. "నువ్వు కంప్యూటర్ చదువుతున్నవ్ కదా, మంచిగ ఫోటో తీసి నాలుగు ముక్కలు రాసి పెట్టు బిడ్డా" అంది. ఫోటో తీయడం గంటలో అయిపోయింది. ఆ నాలుగు ముక్కలు సరిగ్గా రాయడానికి పదిరోజులు పట్టింది. ఈ వ్యాసం ఆ నాలుగు ముక్కల గురించే.

ముందు ఫోటో సంగతి. వస్తువులని ఒక బల్ల మీదో బట్ట మీదో పరిచి, కెమెరాని నిటారుగా కిందికి చూసేలా పట్టుకుని పైనుంచి తీసే ఫోటోని ఫ్లాట్ లే అంటారు. ఇన్‌స్టాలో కాఫీ కప్పు, కళ్ళజోడు, డైరీ పక్కపక్కన పెట్టి తీస్తారు చూడండి, అదే. నాకు ఈ ఐడియా మాత్రం ఇన్‌స్టా నుంచి రాలేదు. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. వాళ్ళ మహిళా సంఘాలు ప్రతి ఏడాది సంక్రాంతి నుంచి దాదాపు నెలరోజులు పాత పంటల జాతర చేస్తాయి. ఎడ్లబండ్లని అలంకరించి, వాటిలో విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. చిన్నప్పుడు ఆ బండి దగ్గర నిలబడి బుట్టల్లోకి తొంగి చూసేవాణ్ణి. పసుపు, తెలుపు, నలుపు, ఎరుపు రంగుల్లో గింజలు పక్కపక్కన కనిపించేవి. అచ్చం అలా తీద్దామనుకున్నాను.

డాబా మీద ఒక గోనెపట్టా పరిచాను. దాని మీద అయిదు చిన్న గిన్నెలు పెట్టాను. వాటిలో కొర్రలు, సామలు, ఊదలు, అరికెలు, సజ్జలు పోశాను. ఒక ప్యాకెట్, ఒక కొర్ర కంకి, ఒక చెక్క గరిటె కూడా పెట్టి, కుర్చీ ఎక్కి తీశాను. ఫోటో బాగా వచ్చింది, నిజంగానే. తర్వాత కింద ఈ క్యాప్షన్ రాశాను:

"మన జహీరాబాద్ నల్లరేగడి నేలలో పండిన తాజా ఆర్గానిక్ చిరుధాన్యాలు, రాగి గిన్నెల నిండా, అమ్మ చేతి రుచితో!"

చదవడానికి బానే ఉంది కదా. నాక్కూడా బానే అనిపించింది. వారంలో మూడు సమాధానాలు వచ్చాయి.

మొదటిది హైదరాబాద్‌లో ఉండే ఒకావిడ నుంచి. వాళ్ళది గుంటూరు వైపు. "రాగి గిన్నె అన్నారు, ఫోటోలో రాగులు ఏ గిన్నెలో ఉన్నాయండీ? నాకు కనిపించట్లేదు" అని అడిగింది. నాకు ముందు అర్థం కాలేదు. మా ఇంట్లో రాగుల్ని తైదలు అంటాం, కాబట్టి రాగి అంటే నాకు లోహమే గుర్తొస్తుంది. ఆవిడకి రాగి జావ, రాగి పిండి, రాగి సంకటి, అలాగే రాగి గిన్నె. చిరుధాన్యాల ఫోటో కింద ఆ మాట చదివితే ఎవరికైనా తిండిగింజే గుర్తుకురావాలి మరి. ఇంకొకాయన లోహమనే అర్థం చేసుకుని, ఆర్డర్ అందాక "గిన్నెలు రాలేదు" అని మెసేజ్ పెట్టాడు. అసలు సంగతేంటంటే అవి రాగివి కూడా కాదు. స్టీలు గిన్నెలకి బయట రాగి రంగు పూత ఉంది. అంటే ఒక్క మాటతో ఇద్దరికి రెండు తప్పులు చెప్పాను.

రెండోది మా కాలేజీ సీనియర్ అన్న నుంచి. ఆయనకి చూపు లేదు. ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకుని వింటాడు. గ్రూపులో లింక్ చూసి ఆర్డర్ ఇద్దామని తెరిచాడట. "అరేయ్, నువ్వు నేల గురించి చెప్పావు, రుచి గురించి చెప్పావు, మీ అమ్మ గురించి చెప్పావు. ఫోటోలో ఏముందో మాత్రం చెప్పలేదు. గిన్నెలు ఎన్ని?" అన్నాడు. అయిదు అన్నా అన్నాను. "అది రాయడానికేం నొప్పి?" అన్నాడు.

మూడోది చిన్నమ్మ నుంచే వచ్చింది, అదే అన్నిటికంటే గట్టిది. ఇంకో ఫోటోకి నేను వరసగా పేర్లు రాశాను. అందులో రెండో గిన్నె సామలు, మూడోది ఊదలు అని పెట్టాను. "ఏందిరా ఇది? ఉల్టా రాసినవ్. ఒకామె సామలు గావాలని ఫోటోల ఉన్నయే పంపుమన్నది. ఊదలు పోయినయ్" అంది. పొట్టు తీశాక సామలు, ఊదలు రెండూ సన్నగా, పాలిపోయిన తెలుపులో ఉంటాయి. చిన్నమ్మ చేతిలోకి తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి, ఒక గింజ నోట్లో వేసుకుని చెప్తుంది. నేను ఫోటో చూసి, గిన్నెలు ఏ వరసలో పెట్టానో గుర్తు తెచ్చుకుని రాశాను. ఆ గుర్తే తప్పింది.

అప్పుడు కూర్చుని నా క్యాప్షన్ని మాటమాటా విడగొట్టాను. పద్ధతి చాలా సింపుల్. ఒక్కో మాట దగ్గర ఆగి, ఫోటోలో దానికి సంబంధించిన చోట వేలు పెట్టగలనా అని చూడాలి. "జహీరాబాద్" అన్నదానికి వేలు ఎక్కడ పెట్టాలి? ఎక్కడా లేదు. "నల్లరేగడి" ఫోటోలో మట్టే లేదు. పైగా అది పూర్తి నిజం కూడా కాదు, అరికెలు వేరే ఊరి నుంచి కొన్నవి. "తాజా" అనేది ఎండిన గింజ విషయంలో కంటికి కనిపించేది కాదు. "ఆర్గానిక్" కూడా అంతే. "అమ్మ చేతి రుచి" సరే, వదిలేయండి. వండనే లేదు. చివరికి వేలు పెట్టడానికి వీలైన మాటలు రెండే మిగిలాయి: "చిరుధాన్యాలు", "గిన్నెలు". వాటిలో చిరుధాన్యాలు అనేది కూడా సగమే కనిపించేది, ఎందుకో తర్వాత చెప్తాను.

ఆర్గానిక్ గురించి ఒక్క మాట. ఆ మాట అబద్ధమని కాదు నేను అనేది. చిన్నమ్మ వాళ్ళు మందులు కొట్టరు, నాకు తెలుసు. కానీ నాకు తెలియడం వేరు, ఫోటోలో కనిపించడం వేరు. ప్యాకెట్ మీద జైవిక్ భారత్ గుర్తు ముద్రించి ఉంటే అది కనిపించేది. అప్పుడు "ప్యాకెట్ మీద జైవిక్ భారత్ గుర్తు ఉంది" అని రాయచ్చు. గుర్తు లేనప్పుడు నేను రాసిన మాటకి ఫోటో సాక్ష్యం ఇవ్వదు. కొనేవాళ్ళు మాత్రం ఫోటో కింద ఉన్న మాట కదా అని ఫోటో చూపిస్తున్నదే అనుకుంటారు.

జాతర బండి దగ్గర ఈ సమస్య ఎందుకు రాదో కూడా అప్పుడే అర్థమైంది. అక్కడ బుట్ట పక్కన ఆ విత్తనం దాచిన మనిషే నిలబడి ఉంటుంది. ఇదేంటి అని అడిగితే చెప్తుంది, అనుమానం ఉంటే చేతిలో పోస్తుంది. ఫోటోలో ఆ మనిషి ఉండదు. ఆమె చెప్పే మాటలన్నీ నేను క్యాప్షన్‌లోకి తెచ్చి, అవి ఫోటోలోనే ఉన్నట్టు పెట్టాను.

ఇలా అనుకున్నది నేనొక్కణ్ణే కాదు. మైక్రోసాఫ్ట్ కోకో అనే ఫోటోల సేకరణకి క్యాప్షన్లు రాయించారు. ఒక్కో ఫోటోకి వేరువేరు మనుషులతో కనీసం అయిదేసి రాయించారు. రాసేవాళ్ళకి ఇచ్చిన నియమాల్లో కొన్ని మన పనికొచ్చేవే. ఫోటోకి ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరగబోతుందో రాయకూడదు. అందులో ఉన్న మనిషి ఏమంటాడో రాయకూడదు. మనుషులకి పేర్లు పెట్టకూడదు. ముఖ్యమైనవన్నీ రాయాలి, అక్కర్లేనివి వదిలేయాలి. నా "నేలలో పండిన" అనేది ఫోటోకి ముందు జరిగినది, "రుచితో" అనేది తర్వాత జరగబోయేది. మొదటి నియమంలోనే రెండుసార్లు ఫెయిల్. (ఇంగ్లిష్‌లో "ఉంది" అర్థం వచ్చే మాటతో వాక్యం మొదలుపెట్టొద్దు అని కూడా ఒక నియమం ఉంది. మనకి "ఉంది" ఎలాగూ చివర్లో వస్తుంది కాబట్టి ఆ గొడవ లేదు.)

ఇక్కడివరకు ఏ ఫోటోకైనా వర్తించేదే. ఫ్లాట్ లేకి మాత్రం కొన్ని సొంత చిక్కులు ఉన్నాయి. పైనుంచి తీయడంతో ఎత్తు, లోతు పోతాయి. మనం అక్కడే ఉండి తీశాం కాబట్టి మన బుర్రలో ఆ లోతు ఉంటుంది, అందుకే అది ఫోటోలో కూడా ఉందనుకుంటాం.

"గిన్నెల నిండా" అన్నాను కదా. నిజం చెప్పాలంటే గిన్నెలు నిండా లేవు. చిన్నమ్మ ఫోటో కోసం ఒక్కో రకం రెండు గుప్పెళ్ళే ఇచ్చింది, "తర్వాత మళ్ళ డబ్బాల పొయ్యి" అని వార్నింగ్‌తో సహా. అవి గిన్నె అడుగున ఎక్కడో పడ్డాయి, ఫోటోలో నీడే కనిపిస్తోంది. అందుకని అడుగున పేపర్ ఉండలు పెట్టి పైన గింజలు పోశాను. తిండి ఫోటోలు తీసేవాళ్ళు మామూలుగా చేసే పనే ఇది. పైనుంచి చూస్తే గిన్నె అంచు దాకా గింజలే. కాబట్టి ఫోటో నిజంగా చూపించేది "అంచు దాకా గింజలు కనిపిస్తున్నాయి" అన్నంతవరకే. లోపల ఎంత ఉందో ఆ కోణంలో ఎవరికీ తెలియదు. "నిండా" అనేది నేను కల్పించింది, అదీ తెలిసి తెలిసి.

ఇంకో ఫోటోలో మూలన ఒక గుండ్రటి స్టీలు వస్తువు ఉంది. నేను దాన్ని డబ్బా అని రాశాను. మా రూమ్మేట్ ప్లేట్ అనుకున్నాడు. పైనుంచి చూస్తే నిలబెట్టిన డబ్బాకి మూత మాత్రమే కనిపిస్తుంది. మూతకీ పళ్ళానికీ తేడా ఏంటి? అయితే ఫోటోలోనే ఒక ఆధారం ఉంది, నీడ. ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు డబ్బా నీడ పొడుగ్గా పక్కకి సాగుతుంది, పళ్ళెం నీడ అంచుకి సన్నగా అతుక్కుని ఉంటుంది. నా ఫోటోలో నీడ పొడుగ్గానే ఉంది, కాబట్టి "ఎత్తైన డబ్బా మూత" అని రాయడానికి ఆధారం ఉంది. అదే మబ్బు పట్టిన రోజు తీసి ఉంటే నీడ ఉండదు. అప్పుడు "గుండ్రటి స్టీలు మూత లేదా పళ్ళెం" అని రాసి ఊరుకోవాలి. ఫ్రేము అంచుకి దగ్గరగా ఉన్న వస్తువుకి పక్కభాగం కూడా కొంచెం కనిపిస్తుంది, ఎందుకంటే కెమెరా సరిగ్గా దాని నెత్తి మీద ఉండదు. కాబట్టి ఏదైనా అర్థం కాకపోతే నీడ, అంచు ఈ రెండూ చూడండి.

సైజు కూడా అంతే. ఫోటోలో గిన్నె ఎంత పెద్దదో చెప్పలేం. పక్కన గరిటె ఉంది కదా అనచ్చు, కానీ గరిటెలు కూడా పప్పు గుత్తి సైజు నుంచి ఉప్పు చెంచా సైజు దాకా ఉంటాయి. "గరిటె తలకాయకి రెండింతల వెడల్పున్న గిన్నె" అంటే అది కనిపించేదే. "నాలుగు అంగుళాల గిన్నె" అంటే అది కొలిచి చెప్పాల్సింది, ఆ మాట క్యాప్షన్‌లో కాదు, వివరాల్లో ఉండాలి.

తెలుగులో రాసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది, నన్ను చాలాసేపు తిప్పలు పెట్టింది. అది "పైన" అనే మాట. "గోనెపట్టా పైన గిన్నెలు" అంటే పట్టా మీద పెట్టినవి. "ప్యాకెట్ పైన గిన్నెలు" అంటే? ప్యాకెట్ మీద గిన్నెలు ఎక్కించి పెట్టారని కూడా అర్థం వస్తుంది, ఫోటోలో ప్యాకెట్‌కి పై వైపున ఉన్నాయని కూడా వస్తుంది. ఎదురుగా తీసిన ఫోటోలో చుట్టూ ఉన్నవి చూసి ఎలాగో అర్థమైపోతుంది. ఫ్లాట్ లేలో అన్నీ ఒకే బల్ల మీద పడుకుని ఉంటాయి కాబట్టి ఈ రెండు అర్థాలకీ చోటుంటుంది. సీనియర్ అన్నకి ఒకసారి ఇలాగే చదివి వినిపిస్తే, ఆయన గిన్నెల్ని ప్యాకెట్ మీద ఊహించుకుని "పడిపోవా?" అన్నాడు. అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఒకటి ఇంకోదాన్ని తాకుతూ ఉంటే "మీద". ఫోటోలో చోటు చెప్పాలంటే "పై అంచు దగ్గర", "కింది భాగంలో", "ఎడమ మూలన". "పైన", "కింద" అనే ఒంటి మాటలు క్యాప్షన్‌లో వాడను. ఇలా రాస్తే కొంచెం గవర్నమెంట్ నోటీసులా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ గిన్నెలు పడిపోవు.

ఇప్పుడు గింజల పేర్ల సంగతి. చిరుధాన్యాలు సగమే కనిపిస్తాయని అన్నాను కదా. సజ్జలు బూడిద రంగులో, మిగతావాటికంటే పెద్దగా, ఒక చివర సన్నగా ఉంటాయి. తెలిసినవాళ్ళు ఫోటోలో గుర్తుపట్టేస్తారు. కొర్రలు పసుపు. కానీ సామలు, ఊదలు పక్కపక్కన పెడితే నేను గుర్తుపట్టలేను, ఫోటోలో అయితే మీరూ గుర్తుపట్టడం కష్టమే. అలాగని "గింజలు" అని మాత్రమే రాస్తే అమ్మేదానికి పనికిరాదు. ఇక్కడ నేను మధ్యలో ఇరుక్కున్నాను. చివరికి తేలింది ఏంటంటే, పేరు ఫోటో నుంచి రాకూడదు, పేరు తెలిసిన మనిషి నుంచి రావాలి. ఫోటో తీసేముందే చిన్నమ్మ ప్రతి గిన్నె ముందు ఒక చీటీ పెట్టి పేరు రాసింది. చీటీలతో ఒక ఫోటో, చీటీలు తీసేసి ఇంకో ఫోటో. మొదటిది నా రికార్డు. క్యాప్షన్‌లో మాత్రం రంగు, వరస రాస్తాను. పేర్లు కింద వివరాల్లో, "ఎడమ నుంచి కుడికి" అని అదే వరసలో ఉంటాయి. ఎవరికైనా అనుమానం వస్తే రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

రంగుకి కూడా ఒక హద్దు ఉంది. మొదటి రోజు సాయంత్రం ఎండలో తీశాను, సామలు కూడా కొర్రల్లా పచ్చగా వచ్చాయి. అప్పుడు క్యాప్షన్‌లో "తెల్ల గింజలు" అని రాస్తే ఫోటో ఒకటి, మాట ఒకటి. "పసుపు గింజలు" అని రాస్తే ఫోటోకి నిజం, సరుకుకి అబద్ధం. దీనికి క్యాప్షన్‌లో మందు లేదు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి నీడపట్టున మళ్ళీ తీశాను. ఫోటో చేసిన తప్పుని మాటలతో సర్దాలని చూస్తే ఎప్పుడూ ఇలాగే అవుతుంది.

ఇక లేబుల్. ప్యాకెట్ మీద చిన్నమ్మ చేతిరాతతో మూడు లైన్లు ఉన్నాయి. ఫోటోలో రెండే చదవడానికి వస్తున్నాయి, మూడోది మడతలో పడింది. నాకు మూడో లైను ఏంటో తెలుసు, ప్యాక్ చేసిన తేదీ. తెలుసు కదా అని రాసేయాలనిపిస్తుంది. కానీ ఆ ఫోటో చూసేవాళ్ళకి అక్కడ మడతే కనిపిస్తుంది. అలాగే లేబుల్ మీద "500 గ్రా." అని ఉంటే, "500 గ్రాముల ప్యాకెట్" అని కాదు, "లేబుల్ మీద 500 గ్రా. అని ఉంది" అని రాయాలి. తేడా చిన్నదే, కానీ మొదటిది తూకం వేసి చెప్పే మాట, రెండోది చదివి చెప్పే మాట. ఫోటో తూకం వేయదు.

ఇవన్నీ పెట్టుకుని మళ్ళీ రాసింది ఇది:

"గోనెపట్టా మీద పరిచిన వస్తువులని పైనుంచి తీసిన ఫోటో. పై అంచు దగ్గర అయిదు రాగి రంగు గుండ్రటి గిన్నెలు ఒకే వరసలో ఉన్నాయి, అన్నింట్లో అంచు దాకా సన్నటి గింజలు. ఎడమ నుంచి కుడికి గింజల రంగులు: పసుపు, పాలిపోయిన తెలుపు, తెలుపు, లేత గోధుమ రంగు, బూడిద రంగు. కింది భాగంలో మధ్యన పసుపు గింజలున్న పారదర్శకమైన ప్యాకెట్, దాని లేబుల్ మీద చేతిరాతతో 'కొర్రలు', '500 గ్రా.' అని ఉంది. ఇంకో లైను మడతలో ఉండి చదవడానికి రావట్లేదు. ప్యాకెట్‌కి ఎడమ పక్కన చెక్క గరిటె. కుడి అంచున ఒక ఎండు కంకి, దాని కొన ఫ్రేము బయటికి పోయింది."

"రాగి రంగు" అన్నది కూడా మొదట్లో నాకు నచ్చలేదు, మళ్ళీ గుంటూరు ఆవిడ గుర్తొచ్చింది. కానీ "రంగు" అన్నాక తిండిగింజ అనుకునే అవకాశం తగ్గుతుంది, పైగా లోహం ఏంటో నేను చెప్పట్లేదు. "చెక్క గరిటె" అన్నది కూడా ఊహే కదా, ప్లాస్టిక్‌కి చెక్క డిజైన్ వేసి ఉండచ్చు కదా అని రూమ్మేట్ వాదించాడు. వాదన కరెక్టే. కానీ ఫోటో పెద్దది చేసి చూస్తే గరిటె అంచున పీచు లేచి కనిపిస్తోంది, అది ఆధారం. ఆధారం ఉన్నచోట కూడా ప్రతి మాటకీ "లాంటి", "అనిపించే" అని తగిలిస్తే చదివేవాళ్ళకి దేనిమీద అనుమానపడాలో తెలియదు. నిజంగా అనుమానం ఉన్నచోటే వాడాలి. గోనెపట్టా విషయంలో నాకు ఇదే పట్టింపు. ఈమధ్య చెక్క, గోనె, పాలరాయి బొమ్మ వేసిన షీట్లు ఫోటోల కోసమే అమ్ముతున్నారు. పైనుంచి తీస్తే అసలుదో నకలుదో తెలియదు. నా ఫోటోలో పట్టా ఒక మూల ముడతపడి, దారాలు బయటికి వచ్చి ఉన్నాయి, కాబట్టి ధైర్యంగా రాశాను.

అమ్మే పేజీలో ఇప్పుడు రెండు భాగాలు పెట్టాను. ఫోటోకి ఉండే `alt` లో కనిపించేది. దాని కింద మామూలు టెక్స్ట్‌లో చిన్నమ్మ చెప్పేవి, ఆమె చెప్తున్నట్టుగానే: గింజల పేర్లు, ఏ ఊరి పంట, ఎంత తూకం, ఏమేమి ప్యాకెట్‌తో వస్తాయి, ఏవి రావు. కోడ్‌లో ఇలా ఉంటుంది, ఇక్కడ క్యాప్షన్ కుదించి రాశాను:

```html
<img src="ginjalu-02.jpg"
     alt="గోనెపట్టా మీద అయిదు రాగి రంగు గిన్నెల్లో గింజలు, పైనుంచి తీసిన ఫోటో.">
<p>గిన్నెలు, గరిటె, కంకి ఫోటో కోసం పెట్టినవి. అమ్మేది ప్యాకెట్ మాత్రమే.</p>
```

ఆ రెండో లైను ఫోటోలో ఎంత వెతికినా దొరకదు. ఏది సరుకు, ఏది అలంకారం అన్నది ఫ్లాట్ లే ఎప్పటికీ చూపించలేదు, అన్నీ ఒకే వరసలో సమానంగా పడుకుని ఉంటాయి. అందుకే అది క్యాప్షన్‌లోకి రాకూడదు, కానీ పేజీలో తప్పకుండా ఉండాలి.

చివరిగా ఒక పరీక్ష పెట్టాను. ఫోటో చూడని ఫ్రెండ్‌కి క్యాప్షన్ చదివి వినిపించి, హాస్టల్ మంచం మీద మూతలు, పెన్నులు, సబ్బుపెట్టెతో అదే అమరిక పెట్టమన్నాను. మొదటి క్యాప్షన్‌తో అయితే వాడు ఏమీ పెట్టలేకపోయాడు, "నేల ఎక్కడ పెట్టాలి?" అని జోకేశాడు. రెండోదానితో దాదాపు సరిగ్గా పెట్టాడు. ఒక్క కంకిని మాత్రం అడ్డంగా పెట్టాడు, నా ఫోటోలో అది నిలువుగా ఉంది. నేను ఆ మాట రాయలేదు మరి. ఇప్పుడు రాశాను.

చిన్నమ్మకి కొత్త క్యాప్షన్ ఫోన్‌లో చదివి వినిపించాను. అంతా విని కాసేపు ఊరుకుంది. "మంచిగనే ఉంది గని బిడ్డా, మన ఊరి పేరు ఏడ పాయె?" అంది. కింద రెండో భాగంలో ఉంది చిన్నమ్మా, మొదటి లైనే అది అని చెప్పాను. "అరికెలు కొన్నయని కూడ రాసినవా?" అంది. రాశాను అన్నాను. "సరే, ఉండనియ్" అంది.